30 సెకన్ల యానిమేషన్, ఒక్క ‘టక్’: రోడ్డు భద్రత వీడియో ఎలా చేశాం

చాలామంది కామెంట్లలో ఒకటే అడిగారు: “అన్నా, రోడ్డు సేఫ్టీ మీద యానిమేషన్ చేయమని కాలేజీలో చెప్పారు, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ఎపిసోడ్ మొత్తం దానికే. టూల్స్ గురించి పెద్దగా మాట్లాడను. బ్లెండర్‌లో చేసినా, క్రితాలో చేసినా, ఓపెన్‌టూంజ్‌లో చేసినా పర్లేదు, మూడూ ఫ్రీయే. అసలు తలనొప్పి టూల్ దగ్గర రాదు. “ఇంతకీ చూసినవాడు ఏం చేయాలి?” అన్న ప్రశ్నకి జవాబు లేకుండా వీడియో అయిపోతుంది చూడండి, అక్కడ వస్తుంది.

అందుకే ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి వరకు వెళ్దాం. ఈ మధ్య మా టీమ్ ముగ్గురం కలిసి ఒక కాలేజీ కోసం చేసిన 30 సెకన్ల యానిమేషన్ అది. విషయం: హెల్మెట్ పట్టీ. హెల్మెట్ పెట్టుకోమని కాదు. పెట్టుకున్న హెల్మెట్‌కి క్లిప్పు పెట్టమని.

ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది కదా? మొదటి మీటింగ్‌లో కాలేజీ సార్ కూడా అదే అన్నారు. “బాబూ, ఎలాగూ డబ్బులు ఖర్చు పెడుతున్నాం. ట్రిపుల్ రైడింగ్, ఫోన్ మాట్లాడటం, తాగి నడపటం, రాంగ్ రూట్, అన్నీ పెట్టేయండి. ఒక్క వీడియోలో అయిపోతుంది” అన్నారు.

నేను అడిగాను: “సార్, ఈ వీడియో చూసిన అబ్బాయి బయటికొచ్చి పార్కింగ్‌లో బండి దగ్గర నిలబడ్డాడు అనుకుందాం. ఆ క్షణంలో వాడి చెయ్యి ఏం చేయాలి?”

సార్ ఆలోచించి, “జాగ్రత్తగా నడపాలి” అన్నారు.

“అది చెయ్యి చేసే పని కాదు కదా సార్?”

ఆయన నవ్వారు. అప్పుడు అందరం బయటికి వెళ్ళి గేటు దగ్గర పావుగంట నిలబడ్డాం. హెల్మెట్ లేనివాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ హెల్మెట్ ఉండి పట్టీ గాల్లో ఊగుతున్నవాళ్ళు కూడా వరసగా కనిపించారు. వీళ్ళు హెల్మెట్ కొన్నారు, మోస్తున్నారు, నెత్తిన కూడా పెట్టారు. మిగిలింది రెండు సెకన్ల పని. సార్ అప్పుడు ఒప్పుకున్నారు. “సరే, మిగతావి తర్వాత వేరే వీడియోలు చేద్దాం” అన్నారు.

మెసేజ్‌ని ఎంచుకునే పద్ధతి ఇదే ఫ్రెండ్స్. ఒక్క వాక్యం రాయండి, అందులో మూడు ఉండాలి: ఎవరు, ఏ పని, ఏ క్షణంలో. మా వాక్యం ఇది: “ఇప్పటికే హెల్మెట్ పెట్టుకునే కాలేజీ కుర్రాళ్ళు, బండి తాళం తిప్పే ముందు, పట్టీ క్లిప్పు పెట్టాలి.” ‘అవగాహన పెంచాలి’ అనేది మెసేజ్ కాదు, ఎందుకంటే దాన్ని ఎవరూ చేసి చూపించలేరు. కోడ్ రాసేవాళ్ళకి తెలుసు, ఒక ఫంక్షన్ ఒక్క పని చేస్తేనే టెస్ట్ చేయగలం. వీడియో కూడా అంతే.

ఇక పట్టీ ఎందుకు అంత ముఖ్యమో మనకి ముందు అర్థం కావాలి, లేకపోతే బొమ్మ తప్పు వస్తుంది. హెల్మెట్ లోపల థర్మకోల్ లాంటి మందమైన పొర ఉంటుంది. తల నేలకి తగిలినప్పుడు ఆ పొర నలిగి దెబ్బని తను తీసుకుంటుంది. కానీ ఆ క్షణానికి హెల్మెట్ తల మీద ఉండాలి కదా! పట్టీ లేకపోతే మొదటి కుదుపుకో, మొదటి దెబ్బకో ఊడిపోవచ్చు. ఆ తర్వాత తగిలేది ఉత్త తలకే. అందుకే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 కూడా హెల్మెట్ అంటే నెత్తిన పెట్టింది అని ఊరుకోదు, పట్టీతో తలకి గట్టిగా బిగించి ఉండాలి అంటుంది.

అయితే చట్టం, ఫైను వీడియోలో పెట్టలేదు. ఎందుకంటే ఫైను అని చెప్పామనుకోండి, కుర్రాడు సిగ్నల్ దగ్గర పోలీసు కనిపించినప్పుడు క్లిప్పు పెడతాడు, దాటాక తీసేస్తాడు. మనం నేర్పింది అదే అవుతుంది. లెక్కలు కూడా పెట్టలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ రిపోర్టు చెప్తుంది. చాలా పెద్ద నంబరు. కానీ ఫోన్‌లో రెండు సెకన్లు కనిపించే లక్షల అంకె ఎవరికీ తన ముఖంలా కనిపించదు. ఆ రెండు సెకన్లు పట్టీని చూపిస్తే మేలు అనుకున్నాం.

ఇప్పుడు కథ. పట్టీని నేరుగా చూపిస్తే క్లాసు పీకినట్టు ఉంటుంది. దానికి ఒక జత కావాలి, అంటే రోజూ మనం ఏ క్లిప్పు మర్చిపోకుండా పెడతాం? మా టీమ్‌లో బొమ్మలు వేసే అమ్మాయి చెప్పింది: “క్యారేజీ!” నిజమే కదా. స్టీల్ క్యారేజీకి పక్క క్లిప్పు పెట్టకుండా ఎవరైనా బండికి తగిలిస్తారా? సాంబారు కారుతుందని అందరికీ భయం. సాంబారు మీద ఉన్న భయం తల మీద లేదు. కథ దొరికింది.

షాట్లు చెప్తాను, రాసుకోండి. మొదటి నాలుగు సెకన్లు: రెండు చేతులు క్యారేజీ క్లిప్పు పెడతాయి, ‘టక్’ అని సౌండ్. 4 నుంచి 8: క్యారేజీ బండి హుక్కుకి తగిలిస్తాడు, హెల్మెట్ పెడతాడు, పట్టీ అలాగే వేలాడుతుంటుంది, బండి కదులుతుంది. 8 నుంచి 13: వీధిలో వెళ్తుంటాడు, పట్టీ గాలికి చెంప మీద కొట్టుకుంటుంటుంది. 13 నుంచి 18: కుక్క అడ్డం వస్తుంది, బ్రేకు, హెల్మెట్ తల నుంచి విడిపోతుంది. 18 నుంచి 21: ఖాళీ రోడ్డు మీద హెల్మెట్ దొర్లి ఆగుతుంది, పక్కన క్యారేజీ పడి ఉంటుంది, దాని మూత మాత్రం ఊడలేదు. 21 నుంచి 25: అంతా రివైండ్ అయ్యి పార్కింగ్‌కి వస్తుంది, ఈసారి చెయ్యి పట్టీ దగ్గరికి వెళ్తుంది, ‘టక్’. చివరి ఐదు సెకన్లు: తాళం తిరుగుతుంది, అక్షరాలు వస్తాయి.

కుక్కే ఎందుకు, గుంత ఎందుకు పెట్టలేదు అని అడగొచ్చు. గుంత పెడితే చూసేవాడు మున్సిపాలిటీని తిడతాడు. కారు డోరు తెరిచినట్టు పెడితే కారువాడిని తిడతాడు. రెండూ న్యాయమే కావచ్చు, కానీ మన మెసేజ్ అక్కడితో పోతుంది. తప్పు ఇంకొకడిది అనిపించగానే “నేనేం చేయాలి” అనే ప్రశ్న మనసులోంచి తప్పుకుంటుంది. కుక్కని ఎవరూ తిట్టరు. దృష్టి పట్టీ మీదే ఉంటుంది.

ఇప్పుడు కష్టమైన భాగం, ఆ పడిపోయే ఐదు సెకన్లు. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి. మన వీడియో సెకనుకి 24 ఫ్రేములు. బండి 40 స్పీడులో ఉందనుకుందాం. అంటే సెకనుకి దాదాపు 11 మీటర్లు. ఒక్క ఫ్రేముకి బండి 46 సెంటీమీటర్లు జరగాలి. బండి మీద కూర్చున్నవాడి తల నేల నుంచి దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏదైనా కింద పడటానికి సుమారు 0.55 సెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో చెప్పాలంటే 13. నిజంగా జరిగేది పదమూడు ఫ్రేముల్లో అయిపోతుంది. కన్ను ఆర్పి తెరిచేలోపే దాదాపు సగం దాటిపోతుంది.

నిజమైన స్పీడులో చూపిస్తే ఫోన్‌లో ఎవరికీ ఏమీ కనపడదు. “ఏదో పడ్డాడు” అంతే. అందుకే హెల్మెట్ విడిపోయే చోట టైమ్ సాగదీశాం. పదమూడు ఫ్రేముల ముక్కని 48 ఫ్రేములకి, అంటే రెండు సెకన్లకి పెంచాం. ఆ రెండు సెకన్లలో చూసేవాడికి ఒకే ఒక్కటి కనపడాలి: పట్టీ గాల్లోకి లేస్తుంది, హెల్మెట్ ముందుకు జారుతుంది, తలకి, హెల్మెట్‌కి మధ్య ఖాళీ పెరుగుతుంది. మామూలు కెమెరాతో ఇది తీయాలంటే స్టంట్ మనిషి కావాలి, ప్రాణం మీదికి వస్తుంది. యానిమేషన్ ఎందుకు అని ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

కానీ యానిమేషన్‌తో ఒక ప్రమాదం కూడా ఉంది. కార్టూన్‌లో మనిషి పడితే బంతిలా నొక్కుకుని పైకి లేస్తాడు, చిన్నప్పటి నుంచి మనం నవ్వుతూ చూశాం. ఆ సాగటం, నొక్కుకోవటం మన అబ్బాయి తలకి పెడితే చూసేవాడు నవ్వేసి స్క్రోల్ చేస్తాడు. అందుకని ఆ షాట్‌లో బొమ్మల రూలు మార్చాం. బండి టైర్లు, క్యారేజీ కొంచెం సాగొచ్చు. తల, మెడ సాగవు. పైగా వాడు నేల మీద పడటం అసలు చూపించలేదు. ఖాళీ రోడ్డు, దొర్లే హెల్మెట్, ఆ మూడు సెకన్లు సౌండ్ పూర్తిగా ఆపేశాం. రక్తం లేదు. ఏం జరిగిందో చూసేవాడికి తెలుసు.

భయం గురించి ఒక్క మాట. భయపెట్టి వదిలేస్తే మనిషి ఆ వీడియో నుంచి ముఖం తిప్పుకుంటాడు, “ఇవన్నీ నాకు జరగవులే” అనుకుంటాడు. కిమ్ విట్టె అనే కమ్యూనికేషన్ పరిశోధకురాలు 1992లోనే దీని మీద ఒక మోడల్ రాశారు. భయంతో పాటు, దాన్ని తప్పించే పని తేలిక, నేను చేయగలను అన్న నమ్మకం కూడా ఇస్తేనే మనిషి పని మీదికి వెళ్తాడు అని దాని సారం. మన వీడియోలో రివైండ్ ఉన్నది అందుకే. మూడు సెకన్ల భయం తర్వాత నాలుగు సెకన్లు ఆ పని ఎంత తేలికో చూపిస్తున్నాం. 2010లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో సీటు బెల్టు మీద వచ్చిన ‘ఎంబ్రేస్ లైఫ్’ చూడండి. యానిమేషన్ కాదు, మనుషులే. ఒక తండ్రి ఇంటి హాల్లో కుర్చీలో కూర్చుని కారు నడుపుతున్నట్టు నటిస్తాడు, గుద్దుకునే క్షణంలో భార్యా, కూతురూ చేతులతో చుట్టేసి పట్టుకుంటారు, ఆ చేతులే సీటు బెల్టు. కారు లేదు, రక్తం లేదు, డైలాగు లేదు. పని ఒక్కటే. అందుకే భాష రాకపోయినా అర్థమవుతుంది.

సరే, కథ ఉంది. వెంటనే యానిమేషన్ మొదలుపెట్టకండి. 30 సెకన్లు అంటే 720 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ చొప్పున వేసినా 360 బొమ్మలు. అన్నీ వేశాక మార్చాలంటే ఏడుపొస్తుంది. ముందు యానిమాటిక్ చేయండి. అంటే పెన్సిల్ గీతల బొమ్మలు, షాటుకి ఒకటో రెండో, వాటిని అసలు టైమింగ్‌తో వరసగా పేర్చి, ఫోన్‌లో రికార్డ్ చేసిన సౌండ్లు తగిలించటం. ఒక్క రోజు పని.

తర్వాత దాన్ని టీమ్‌కి సంబంధం లేనివాళ్ళకి చూపించాలి. మేం క్యాంటీన్‌లో ఆరుగురికి చూపించాం. ఫోన్‌లోనే, సౌండ్ ఆపేసి, ఒక్కసారే. “బాగుందా?” అని అడగలేదు. బాగుందా అంటే మన ముఖం చూసి బాగుందనే అంటారు. అడిగిన ప్రశ్న ఒకటే: “ఇది నిన్ను ఏం చేయమంటోంది?” ఆరుగురిలో నలుగురు “హెల్మెట్ పెట్టుకోమని” అన్నారు. చూడండి, వాళ్ళు అన్నది మంచి మాటే. కానీ మన మెసేజ్ కాదు. ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకునేవాడు అది విని “నేను పెట్టుకుంటాగా” అనుకుని హాయిగా వెళ్ళిపోతాడు. మనం చేరాల్సినవాడే తప్పించుకున్నాడు.

కారణం వెతికితే బొమ్మలోనే దొరికింది. పట్టీ నల్లగా ఉంది, వెనకాల మెడ నీడ కూడా ముదురు రంగే. చిన్న స్క్రీన్‌లో పట్టీ కనపడట్లేదు, గుండ్రంగా పెద్దగా హెల్మెట్టే కనపడుతోంది. మూడు మార్పులు చేశాం. పట్టీకి పసుపు రంగు ఇచ్చి, మిగతా ఫ్రేమంతా బూడిద, లేత నీలం చేశాం. క్యారేజీ క్లిప్పు కూడా అదే పసుపు. రెండో షాట్‌లో హెల్మెట్ పెట్టాక ఒక సెకను ఏమీ కదలకుండా ఆపాం, పట్టీ ఒక్కటే ఊగుతుంది. రివైండ్ తర్వాత క్లోజప్‌ని క్యారేజీ షాట్ ఉన్న యాంగిల్‌లోనే పెట్టాం, అదే చేతులు, అదే కదలిక. ఇంకో ఆరుగురికి చూపిస్తే ఐదుగురు “క్లిప్పు పెట్టమని” అన్నారు. అప్పుడే అసలు బొమ్మలు మొదలుపెట్టాం.

చివరి ఐదు సెకన్లకి వద్దాం, కాల్ టు యాక్షన్. చాలా వీడియోల్లో ఇక్కడ “సురక్షితంగా ప్రయాణించండి” అని ఉంటుంది, లేదా “షేర్ చేయండి” అని ఉంటుంది. మొదటిది పని కాదు, దీవెన. రెండోది ఫోన్‌లో చేసే పని, రోడ్డు మీద చేసేది కాదు. మనకి కావాల్సింది బండి దగ్గర గుర్తొచ్చే మాట. దానికి ఒక చిట్కా ఏంటంటే, కొత్త పనిని ఎలాగూ చేసే పాత పనికి కట్టేయాలి. తాళం తిప్పకుండా ఎవడూ బండి తీయలేడు. అందుకే మా చివరి అక్షరాలు ఇవి: “ముందు టక్. తర్వాతే తాళం.” నాలుగు మాటలు. అంతకు ముందు రివైండ్ షాట్‌లో ఒక లైను వస్తుంది: “క్యారేజీకి పెట్టావ్, తలకి పెట్టు.” క్లిప్పు దగ్గర వచ్చే ‘టక్’ తప్ప వీడియో మొత్తంలో ఇంకో అక్షరం లేదు.

‘నువ్వు’ అన్నాం, ‘మీరు’ అనలేదు. సార్ దీనికి అభ్యంతరం చెప్పారు, ప్రభుత్వ ప్రకటనలా గౌరవంగా ఉండాలన్నారు. కానీ ఇది ఫ్రెండు పార్కింగ్‌లో చెప్పే మాట. ఫ్రెండు “దయచేసి క్లిప్పు పెట్టుకోగలరు” అంటాడా? ఇదే వీడియో తల్లిదండ్రుల కోసం అయితే ‘మీరు’ అనే రాసేవాళ్ళం.

పట్టీ కింద ఎంత ఖాళీ ఉండాలి అనేది కూడా పెట్టాలని మాలో ఒకడు గొడవ చేశాడు. ఆ సంగతి నిజమే, గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు దూరేంత ఉండాలి, అంతకన్నా వదులుగా ఉంటే క్లిప్పు పెట్టినా ఊడొచ్చు. కానీ అది పెడితే రెండో మెసేజ్ అవుతుంది. దాన్ని వీడియో కింద డిస్క్రిప్షన్‌లో రాశాం. వీడియోలోంచి తీసేసిన ప్రతి నిజానికీ ఇలా ఒక చోటు చూపిస్తే టీమ్‌లో గొడవలు తగ్గుతాయి.

ఫోన్ కోసం రెండు జాగ్రత్తలు. నిలువు ఫ్రేము, 1080 బై 1920. రీల్స్‌లో, షార్ట్స్‌లో కింద పేరు, క్యాప్షన్, కుడి పక్క లైక్ బటన్లు బొమ్మ మీదికి వస్తాయి. కాబట్టి పట్టీ, అక్షరాలు రెండూ మధ్యలో, కొంచెం పైకి ఉండాలి. అప్‌లోడ్ చేశాక మీ ఫోన్‌లోనే కాకుండా చిన్న స్క్రీన్ ఫోన్‌లో కూడా ఒకసారి చూడండి. రెండోది, చాలామంది మ్యూట్‌లో చూస్తారు. అందుకే ‘టక్’ అనే సౌండ్‌తో పాటు ఆ అక్షరాలు కూడా క్లిప్పు దగ్గర చిన్నగా ఎగిరేలా పెట్టాం.

ఆఖరిది, పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? వ్యూస్ చూస్తే తెలియదు. వీడియో పెట్టే ముందు వారం ఒక రోజు, సాయంత్రం కాలేజీ వదిలే టైములో అరగంట నిలబడి లెక్కపెట్టాలి. హెల్మెట్ ఉన్నవాళ్ళలో పట్టీ పెట్టినవాళ్ళు ఒక గడి, పెట్టనివాళ్ళు ఇంకో గడి. వీడియో పెట్టాక ఒక వారానికి, మళ్ళీ నెలకి, అదే రోజు, అదే టైము, అదే చోటు. ఒక జాగ్రత్త: గేటు దగ్గర నిలబడొద్దు. సెక్యూరిటీని చూసి అక్కడ పెట్టేవాళ్ళు ఉంటారు. గేటు దాటి మొదటి మలుపు దగ్గర నిలబడితే అసలు లెక్క వస్తుంది. నెల తర్వాత లెక్క మళ్ళీ వెనక్కి పడిపోతే, మాట మర్చిపోయారని అర్థం. అప్పుడు కొత్త వీడియో చేసే బదులు “ముందు టక్. తర్వాతే తాళం” అని పసుపు రంగు స్టిక్కర్లు పార్కింగ్ స్తంభాలకి అంటించండి. గుర్తు చేయాల్సింది అక్కడే కదా.

ఈ యానిమేషన్ చేయలేనివి కూడా ఉన్నాయి. హెల్మెట్ కొనని కుర్రాడికి ఇది పనికిరాదు. ఐఎస్‌ఐ గుర్తు లేని నాసిరకం హెల్మెట్‌ని పట్టీ కట్టినా మంచిదిగా మార్చలేదు. వాటికి వేరే వీడియోలు, వేరే వాక్యాలు కావాలి. మీరు చేయబోయేది వాటిలో ఒకటైతే, ముందు ఆ ఒక్క వాక్యం, ఎవరు, ఏ పని, ఏ క్షణంలో, కింద కామెంట్లో రాయండి. బొమ్మలు గీయకముందే అందరం చూసి చెప్దాం.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ రివైండ్ షాట్‌ని బ్లెండర్‌లో ఎలా చేశామో స్క్రీన్ మీద చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్. బండి మీద వెళ్తుంటే, ముందు టక్.